గొంతు నొప్పి తగ్గినా తగ్గని మెడ బిళ్ళలు: దేనికి వేచి చూడాలి, దేనికి స్కాన్ చేయించాలి?

చలికాలం మొదలుకొని వేసవి వరకు మాకు అందే ఆరోగ్య లేఖలలో మెడలోని గడ్డలను గురించినవి తప్పక కొన్ని ఉంటాయి. తెలుగులో వీటిని ‘బిళ్ళలు కట్టాయి’ అంటాము. ఉర్దూ మాట్లాడే ఇళ్ళల్లో ‘గిల్టీ’ అంటారు. పేరు ఏదైనా, చేతికి గడ్డ తగలగానే మనసులో మొదట మెదిలేది క్యాన్సర్ అన్న భయమే. ఈ నెల పల్నాడు జిల్లా అచ్చంపేట నుండి ఒక సోదరి వ్రాసిన లేఖను ఆధారం చేసుకొని ఈ విషయాన్ని వివరంగా చర్చించదలిచాము. ఎందుకంటే ఆమె లేఖలో ఒకటి కాదు, రెండు గడ్డలున్నాయి. భయపడవలసిన దానికి ఆ కుటుంబం భయపడలేదు. భయపడనవసరం లేనిదానికి మాత్రం నిద్ర మానుకున్నది.

ఆమె వ్రాసిన సంగతులు క్లుప్తంగా ఇవి. ఎనిమిదేళ్ళ కుమారునికి పక్షం రోజుల క్రితం జ్వరం, గొంతు నొప్పి వచ్చాయి. ముద్ద మింగలేకపోయాడు. దగ్గు, జలుబు లేవు. ఊళ్ళోని ఆర్.ఎం.పి. డాక్టరు మూడు రోజులకు మాత్రలిచ్చారు. జ్వరం పోయింది, గొంతు తేరుకున్నది. కాని దవడ మూలల క్రింద రెండువైపులా కుంకుడు గింజలంత బిళ్ళలు మిగిలిపోయాయి. తాకితే అబ్బాయి ‘నొప్పి’ అంటాడు. బంధువులు ‘వెంటనే గుంటూరు తీసుకువెళ్ళి స్కాన్ తీయించండి, ఆలస్యం చేయవద్దు’ అంటున్నారు. లేఖ చివర మరొక మాట ఉన్నది: ‘మా ఆడపడుచుకు ఇరవై ఏళ్ళు. ఆమెకు కూడా మెడలో కుడివైపు ఇలాంటిదే ఒకటి రెండు నెలలుగా ఉన్నది. దానికి నొప్పి లేదు కనుక ఫరవాలేదని మా అత్తగారు అంటున్నారు. సంబంధాలు చూస్తున్నాము, ఎవరికీ చెప్పలేదు.’

లేఖ చూచి రోగం నిర్ణయించడం ఎవరి తరమూ కాదు. కాని ఈ రెండు గడ్డలలో దేనిని ముందుగా డాక్టరుకు చూపించాలో మాత్రం నిస్సంకోచంగా చెప్పగలము. ముందు చూపించవలసినది నొప్పి లేని ఆ రెండవ గడ్డనే. కారణం తెలియాలంటే ఈ బిళ్ళలు అసలు ఏమిటో తెలుసుకోవాలి.

మన శరీరమంతటా చిక్కుడు గింజల ఆకారంలో చిన్న చిన్న గ్రంథులున్నాయి. వీటిని లింఫు గ్రంథులంటారు. సుమారు మూడవ వంతు మెడలోనే ఉన్నాయి. నోరు, ముక్కు, గొంతు, చెవి, తల చర్మం, వీటిలో ఎక్కడ సూక్ష్మక్రిములు ప్రవేశించినా అక్కడి నుండి ప్రవహించే ద్రవం ముందుగా మెడ గ్రంథుల గుండానే పోవాలి. ఈ గ్రంథులలో రోగనిరోధక కణాలు కాపు కాచి ఉంటాయి. క్రిమి చేరగానే అవి వేల సంఖ్యలో పెరుగుతాయి. దానితో గ్రంథి ఉబ్బి, దానిని చుట్టి ఉన్న పలుచని పొర సాగుతుంది. ఆ సాగుడే నొప్పికి కారణం. కాలికి పుండు పడితే గజ్జలో బిళ్ళ కట్టడం మన పెద్దలకు తెలిసిన సంగతే. గొంతు పుండు పడితే దవడ క్రింద బిళ్ళ కట్టడం కూడ అదే వ్యవహారం. దీనిని డాక్టర్లు ‘రియాక్టివ్’ గ్రంథి అంటారు. అంటే గ్రంథికి స్వయంగా రోగం రాలేదు, ప్రక్కనున్న రోగానికి అది స్పందించింది అని భావం.

ఇక ఇక్కడ గమనించవలసినది కాలం. గొంతు రెండు మూడు రోజులలో తేరుకోవచ్చును. గ్రంథిలో పెరిగిన కణాలు మాత్రం అంత త్వరగా సర్దుకోవు. సాధారణంగా గొంతు నయమైన వారం పది రోజులలో తాకిడి నొప్పి తగ్గుతుంది. తరువాత రెండు నుండి నాలుగు వారాలలో గ్రంథి పరిమాణం క్రమంగా తగ్గుతుంది. కొందరు పిల్లలలో శనగగింజంత గ్రంథి నెలల తరబడి చేతికి తగులుతూనే ఉంటుంది. పైగా పిల్లలకు ఏటా పలుమార్లు జలుబులు, గొంతు నొప్పులు వస్తుంటాయి గనుక, బడి వయసు పిల్లల మెడను తడిమితే ఆరోగ్యవంతునిలో కూడ చిన్న చిన్న బిళ్ళలు తగలడం మామూలే. మెడలో ఒక సెంటీమీటరు లోపు గ్రంథిని సామాన్యంగా వాపుగా లెక్కించరు. దవడ మూల క్రింది గ్రంథి మాత్రం సహజంగానే కాస్త పెద్దది. అది ఒకటిన్నర సెంటీమీటర్ల వరకు ఉన్నా తప్పు పట్టరు.

ఇప్పుడు అచ్చంపేట బాలుని సంగతి చూద్దాము. అతని బిళ్ళలు గొంతు నొప్పితో పాటు వచ్చాయి. రెండువైపులా ఉన్నాయి. గొంతు ద్రవం వచ్చి చేరే చోటనే, అనగా దవడ మూల క్రిందనే ఉన్నాయి. తాకితే నొప్పి పెడుతున్నాయి. పెద్దవి కావడం లేదు. జ్వరం తిరగబెట్టలేదు. ఈ ఆరు సంగతులు కలిసి ఉన్నప్పుడు అది రియాక్టివ్ గ్రంథి అని చెప్పడానికి స్కాన్ అవసరం లేదు. ఈ దశలో స్కాన్ తీయిస్తే వచ్చేదేమిటి? రిపోర్టులో ‘బైలేటరల్ సర్వైకల్ లింఫ్ అడినోపతి, లైక్లీ రియాక్టివ్’ అని ఉంటుంది. చదివినవారికి గుండె దడ పుడుతుంది. దాని అర్థం ‘మెడలో రెండువైపులా గ్రంథులు ఉబ్బి ఉన్నాయి, బహుశా ఇన్ఫెక్షన్‌కు స్పందనగా’ అని మాత్రమే. తల్లి తన వ్రేళ్ళతో తెలుసుకున్న సంగతినే యంత్రం పెద్ద మాటలలో తిరిగి చెబుతుంది.

అయితే వేచి చూడడమంటే పట్టించుకోకుండా ఉండడం కాదు. దానికొక పద్ధతి ఉన్నది. పిల్లవానిని ఎదురుగా కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు, గడ్డ ఉన్న వైపుకు వంచమనండి. అప్పుడు మెడ కండరం వదులవుతుంది. గోళ్ళతో కాక వ్రేళ్ళ మెత్తని భాగంతో దవడ మూల క్రింద నెమ్మదిగా నిమరండి. నాలుగు విషయాలు చూడండి: ఎంత ఉన్నది, మెత్తగా ఉన్నదా గట్టిగా ఉన్నదా, వ్రేలి క్రింద అటూ ఇటూ జారుతున్నదా, పైచర్మం ఎర్రబడిందా. కొలతకు రూపాయి బిళ్ళను గుర్తు పెట్టుకోండి. దాని అడ్డుకొలత సుమారు రెండు సెంటీమీటర్లు. చూచినది తేదీతో సహా క్యాలెండరు మీద వ్రాసుకోండి. మరల వారం తరువాతనే చూడండి. రోజుకు పదిసార్లు నొక్కి చూడడం వలన గ్రంథి ఒరిసి నొప్పి పోదు. పైగా రోజూ చూచే కంటికి తేడా తెలియదు. వారానికొకసారి చూస్తేనే తగ్గుతున్నదో పెరుగుతున్నదో తెలుస్తుంది.

నొప్పి ఉంటే గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టవచ్చును. జ్వరమో నొప్పియో ఎక్కువగా ఉంటే బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వవచ్చును. సున్నం, బెల్లం కలిపి పట్టు వేయడం, నూనె రాసి గట్టిగా మర్దన చేయడం, వాతలు పెట్టడం మాత్రం వద్దు. సున్నం లేత చర్మాన్ని పొక్కిస్తుంది. తరువాత ఆ ఎర్రదనం లోపలి చీము వలన వచ్చినదో, పట్టు వలన వచ్చినదో చూచే డాక్టరుకు కూడ అంతుపట్టదు.

ఈ బాలుని విషయంలో మాకు బిళ్ళల కంటె ఎక్కువ ఆందోళన కలిగించినది ఆ మూడు రోజుల మాత్రలే. గొంతు నొప్పులలో ఎక్కువ భాగం వైరస్‌ల వలన వచ్చేవే. వాటితో పాటు ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురుపోవడం ఉంటాయి. వాటికి యాంటీబయాటిక్ పనికిరాదు. కాని ఐదు నుండి పదిహేనేళ్ళ పిల్లలకు దగ్గు, జలుబు లేకుండా జ్వరం, గొంతులో తెల్లని మచ్చలు, దవడ క్రింద నొప్పితో కూడిన బిళ్ళలు ఉంటే స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాను అనుమానించాలి. దానికి పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ వంటి మందును సాధారణంగా పది రోజులు పూర్తిగా వాడాలి. మూడవ రోజుకే పిల్లవాడు ఆడుకుంటాడు, మాత్రలు అటకెక్కుతాయి. మిగిలిపోయిన క్రిమి వలన కొందరు పిల్లలకు రెండు మూడు వారాల తరువాత కీళ్ళ వాపులు, గుండె కవాటాలను చెడగొట్టే రుమాటిక్ జ్వరం రావచ్చును. కనుక ఆ సోదరి తన కుమారుని మండల కేంద్రంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళి, ఇచ్చిన మాత్రల పేరు చూపించి, ఇంకా వాడవలసినది ఉన్నదేమో అడగడం మంచిది. అదే సమయంలో పంటి పుచ్చు, చెవిలో చీము, తలలో పేలు గోకిన పుండ్లు ఉన్నాయేమో కూడ చూపించాలి. గొంతు నయమైనా బిళ్ళ తగ్గకపోవడానికి పిల్లలలో తరచుగా ఇవే కారణాలు. పంటి పుచ్చు ఉన్నంత కాలం దవడ క్రింది బిళ్ళ ఉండనే ఉంటుంది.

పిల్లవానిని ఇక వేచి చూడక వెంటనే తీసుకువెళ్ళవలసిన సందర్భాలు కూడ తెలిసి ఉండాలి. ఒకవైపు గ్రంథి మాత్రమే రెండు మూడు రోజులలో నిమ్మకాయంత పెరిగి, పైచర్మం ఎర్రబడి వేడిగా ఉండి, జ్వరం మరల వచ్చిందంటే గ్రంథిలోనే బాక్టీరియా చేరి చీము పడుతున్నదన్న మాట. ఇక్కడ అల్ట్రాసౌండ్ స్కాన్ నిజంగా ఉపయోగపడుతుంది. లోపల ఉన్నది గట్టి వాపా, చీమా అన్నది అది చూపిస్తుంది. వాపైతే మందుతో పోవచ్చును, చీము నిండితే తీయవలసి రావచ్చును. నోరు తెరవలేకపోవడం, ఉమ్మి కూడ మింగలేక కార్చడం, మెడ ఒకవైపుకు బిగుసుకుపోవడం, శ్వాసలో గురక వంటి శబ్దం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే వరకు ఆగరాదు. అది గొంతు లోతులలో చీము పడిన గుర్తు కావచ్చును. ఆ రాత్రే పెద్దాసుపత్రికి చేరాలి. ఇవేవీ లేకపోయినా, నాలుగు వారాలు గడిచాక బిళ్ళ తగ్గుముఖం పట్టకపోతే, లేదా ఏ సమయంలోనైనా రెండు సెంటీమీటర్లు దాటి ఇంకా పెరుగుతుంటే, రక్త పరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించవలసినదే.

ఇక ఆడపడుచు గడ్డ సంగతి. ఇక్కడ ప్రతి లక్షణమూ బాలుని దానికి వ్యతిరేకంగా ఉన్నది. గొంతు నొప్పి ఏదీ రాకుండానే వచ్చింది. ఒకవైపే ఉన్నది. రెండు నెలలు దాటినా తగ్గలేదు. నొప్పి లేదు. అత్తగారు ఊరట చెందిన ఆ నొప్పి లేకపోవడమే మాకు మొదటి అనుమానం. ఇన్ఫెక్షన్‌కు హఠాత్తుగా ఉబ్బిన గ్రంథి పొర సాగి నొప్పి పెడుతుందని పైన చెప్పాము. నెమ్మదిగా, వారాల తరబడి పెరిగే గ్రంథికి పొర మెల్లమెల్లగా సర్దుకుంటుంది, నొప్పి పుట్టదు. క్షయ వలన పెరిగే గ్రంథులు, లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్, థైరాయిడ్ నుండి ప్రాకిన గడ్డలు చాలావరకు ఇలా నిశ్శబ్దంగానే పెరుగుతాయి. నొప్పి ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదనీ, నొప్పి లేనంత మాత్రాన ప్రమాదం తప్పదనీ కాదు. కాని ‘నొప్పి లేదు కనుక ఫరవాలేదు’ అన్న లెక్క మాత్రం తలక్రిందులు.

మన దేశంలో ఈ వయసు యువతికి ఇటువంటి గడ్డ ఉంటే ముందుగా తలచవలసినది క్షయనే. క్షయ అనగానే దగ్గు, రక్తం పడడం గుర్తుకు వస్తాయి. కాని అది ఊపిరితిత్తులకే పరిమితమైనది కాదు. ఊపిరితిత్తుల వెలుపల వచ్చే క్షయలో మన దేశంలో ఎక్కువగా కనిపించేది మెడ గ్రంథుల క్షయనే. దీనిని మన పూర్వులు గండమాల అన్నారు. మొదట ఒక గ్రంథి పెరుగుతుంది. తరువాత ప్రక్కవి కూడ పెరిగి, ఒకదానితో ఒకటి అతుక్కొని గుత్తిలా తగులుతాయి. ఇంకా ఉపేక్షిస్తే లోపల చీముగా మారుతుంది, కాని వేడి, ఎర్రదనం పెద్దగా ఉండవు. చివరకు చర్మం పగిలి, మానని రంధ్రం పడి రసి కారుతూనే ఉంటుంది. ఆ దశలో ఎవరో చేతికందిన బ్లేడుతో కోసి చీము తీయడం మరింత హాని. ఆ గాయం నెలల తరబడి మానకపోవచ్చును.

అందువలన ఆమెను చూచే డాక్టరు కేవలం గడ్డను తాకి మాత్రలు వ్రాసి పంపరాదు. బరువు తగ్గిందా, సాయంత్రం పూట సన్నని జ్వరం వస్తున్నదా, రాత్రి బట్టలు తడిసేలా చెమటలు పడుతున్నాయా, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా అని అడగాలి. థైరాయిడ్, నోరు, గొంతు, చంకలు, పొట్ట చూడాలి. రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, మెడ అల్ట్రాసౌండ్ వ్రాయాలి. మన ఆడవారు మెడను దుపట్టాతో, బురఖాతో కప్పుకొని ఉండడం వలన గడ్డ ఇతరుల కంట పడదు, తామూ బిడియంతో చెప్పరు. మహిళా డాక్టరు కావాలని అడగడంలో తప్పు లేదు. ఆమె అందుబాటులో లేకపోతే తల్లి లేదా వదిన ప్రక్కన ఉండగా, మెడ మేరకు చూపించవచ్చును. బిడియం వలన పరీక్ష వాయిదా పడరాదు.

అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు, సూది లేదు. గర్భిణికి వాడే స్కానే ఇది. మెడ మీద జిగట పదార్థం రాసి, చిన్న పరికరాన్ని త్రిప్పుతారు, అంతే. అందులో డాక్టరు వెదికేది కేవలం కొలతను కాదు, ఆకారాన్ని. రియాక్టివ్ గ్రంథి ఎంత ఉబ్బినా చిక్కుడు గింజ వలెనే నిడుపుగా ఉంటుంది. దాని నడుమ ఒక తెల్లని గీత కనిపిస్తుంది. గ్రంథిలోనికి రక్తనాళాలు ప్రవేశించే చోటు అది. రోగం పట్టిన గ్రంథి చాలావరకు గోలీకాయ వలె గుండ్రపడుతుంది. ఆ తెల్లని గీత చెరిగిపోతుంది. రక్తప్రవాహం నడుమ నుండి కాక అంచుల నుండి కనిపించవచ్చును. లోపల కుళ్ళినట్లు నల్లని భాగాలు ఉండవచ్చును, ప్రక్క గ్రంథులతో అతుక్కొని ఉండవచ్చును.

ఇంత చూపించినా స్కాన్‌కు ఒక హద్దు ఉన్నది, దానిని ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. గ్రంథి అనుమానాస్పదమా కాదా అన్నదే స్కాన్ చెప్పగలదు. అది క్షయయో, క్యాన్సరో పేరు పెట్టి చెప్పలేదు. రెండూ స్కాన్‌లో ఒకే తీరుగా కనిపించవచ్చును. పేరు తేల్చేది సూది పరీక్ష. దీనిని ఎఫ్.ఎన్.ఏ.సి. అంటారు. రక్తం తీసే సూది వంటి సన్నని సూదితోనే గ్రంథిలోని కొన్ని కణాలను పీల్చి మైక్రోస్కోపు క్రింద చూస్తారు. కొద్ది నిమిషాల పని, ఆసుపత్రిలో చేరనక్కర లేదు. ‘సూది గుచ్చితే రోగం ప్రాకుతుంది’ అన్న మాట మన ఊళ్ళల్లో బలంగా నాటుకొని ఉన్నది. ఆ భయంతో ఈ పరీక్షను మానుకోవలసిన అవసరం లేదు. మానుకుంటే రోగం ఏదో తేలకుండానే నెలలు గడిచిపోతాయి.

సూది పరీక్ష సమయంలో ఆ కుటుంబం ఒక్క మాట తప్పక అడగాలి: ‘తీసిన దానిలో కొంత క్షయ కొరకు సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్షకు పంపుతారా?’ ఈ పరీక్షలు క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని గుర్తించి, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడ కొద్ది గంటలలోనే చెబుతాయి. ప్రభుత్వ క్షయ నివారణ కార్యక్రమంలో ఇవి ఉచితం. స్లైడు మీద పూసినదంతా అయిపోయాక ఈ పరీక్షకు మిగిలేది ఉండదు గనుక ముందే అడగాలి. సూది పరీక్షలో తేలకపోతే, లేదా లింఫోమా అనుమానం వస్తే, గ్రంథిని పూర్తిగా తీసి పరీక్షించే బయాప్సీ అవసరమవుతుంది. సూదికి వచ్చే కొన్ని కణాలతో లింఫోమా రకం తేల్చడం చాలాసార్లు సాధ్యం కాదు. ఇటువంటి పరీక్షల కొరకు అచ్చంపేట ప్రాంతం వారు నరసరావుపేటకో, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికో వెళ్ళవలసి రావచ్చును. ప్రయాణం, ఒకటి రెండు రోజుల కూలి నష్టం నిజమే. బాలుని స్కాన్ కొరకు చేయదలచిన ఆ ప్రయాణాన్ని ఆడపడుచు కొరకు చేయమని మా సలహా.

పరీక్షలు పూర్తికాక ముందే జరిగే ఒక పొరపాటును కూడ ఇక్కడ హెచ్చరించాలి. గడ్డ తగ్గడానికని కొందరు తమకు తోచినట్లు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తుంటారు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అన్నవి ఆ కోవలోనివి. లింఫోమా గడ్డ ఈ మాత్రలకు కొన్నాళ్ళు కరిగి కనపడకుండా పోతుంది. అప్పుడు పరీక్షకు ముక్క తీసినా రోగం సరిగా తేలకపోవచ్చును. గడ్డ మరల వచ్చేసరికి కాలం మించుతుంది. అట్లే లీవోఫ్లాక్సాసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లు క్షయను పాక్షికంగా అణచి దాని ఆచూకీ దొరకకుండా చేస్తాయి. కనుక పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రలను ఇటువంటి గడ్డకు వాడవద్దు. ఇప్పటికే వాడి ఉంటే పరీక్షించే డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఒకవేళ క్షయ అని తేలితే అది ఇంటి పరువుకు సంబంధించిన విషయం కాదు, ఆరు నెలల వైద్యానికి సంబంధించిన విషయం. సాధారణంగా మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు ప్రతి రోజూ వాడాలి. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. పౌష్టికాహారం కొరకు నిక్షయ్ పోషణ యోజన క్రింద వైద్యం జరిగినంత కాలం నెలకు 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకు ముందు ఇది 500 రూపాయలుగా ఉండేది. మందులు రోజుకొకసారి వేసుకొనేవి కనుక రమజాన్ మాసం వస్తే ఏ వేళ వేసుకోవాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. తమంతట తాము ఆపివేయరాదు. వైద్యం మొదలైన కొన్ని వారాలకు కొందరిలో గడ్డ తగ్గడానికి బదులు పెరుగుతుంది, క్రొత్తది కూడ రావచ్చును. చచ్చిన క్రిములకు శరీరం స్పందించడం వలన ఇలా జరగవచ్చును. డాక్టరుకు చూపించాలి గాని ‘మందు పనిచేయలేదు’ అని మానుకోరాదు. ఆరు నెలల తరువాత చిన్న గింజంత గ్రంథి మిగిలిపోయినా అది వైద్యం విఫలమైన గుర్తు కాదు.

సంబంధాలు చూస్తున్నామని, అందుకే ఎవరికీ చెప్పలేదని ఆ సోదరి వ్రాసిన మాట మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. మెడ గ్రంథులకే పరిమితమైన క్షయ గాలి ద్వారా ఇతరులకు అంటదు. ఊపిరితిత్తులలో కూడ ఉంటేనే అంటుకుంటుంది, దానిని చూడడానికే ఛాతీ ఎక్స్‌రే. కనుక కంచం, గ్లాసు వేరు చేయవలసిన పని లేదు, పిల్లలను దూరం పెట్టవలసిన పని లేదు. వైద్యం పూర్తయిన యువతి వివాహానికి, మాతృత్వానికి ఇది ఆటంకం కాదు. కాని దాచిపెట్టి రంధ్రం పడేవరకు ఉంచితే మెడ మీద జీవితాంతం మచ్చ మిగులుతుంది. దాచవలసివస్తుందని భయపడిన దానిని ఆ దాపరికమే అందరికీ కనిపించేలా చేస్తుంది. ఒకవేళ అది లింఫోమాయే అయితే, చాలా రకాలు నేడు వైద్యానికి లొంగుతున్నాయి. సంబంధం కుదిరే వరకు ఆగడం వలన పోయేది ఆ అవకాశమే.

ఇంటిలో నలభై దాటిన పెద్దలుంటే వారి విషయంలో గడువు ఇంకా తక్కువ. ముఖ్యంగా చుట్ట, బీడీ, గుట్కా, జర్దా అలవాటున్నవారికి ఇన్ఫెక్షన్ గుర్తులేవీ లేకుండా మెడలో గడ్డ వచ్చి రెండు వారాలు దాటినా, ఒకటిన్నర సెంటీమీటర్లు మించినా, రాయిలా గట్టిగా ఉన్నా, చర్మానికో లోపలి కండరానికో అతుక్కొని కదలకపోయినా నెల రోజులు ఆగరాదు. అది నోటిలోనో గొంతులోనో ఉన్న క్యాన్సర్ పంపిన గడ్డ కావచ్చును. వీరికి యాంటీబయాటిక్‌తో కాలయాపన చేయక, చెవి ముక్కు గొంతు డాక్టరు గొట్టంతో గొంతు లోపలి భాగాన్ని చూచి, మెడ సీటీ స్కాన్, సూది పరీక్ష చేయించాలి. అట్లే కాలర్ ఎముక పైన గుంటలో వచ్చిన గడ్డను పిల్లలలోనైనా, పెద్దలలోనైనా వేచి చూడవద్దు. ఆ చోటి గ్రంథులకు ఛాతీ నుండి, పొట్ట నుండి ద్రవం వచ్చి చేరుతుంది గాని గొంతు నుండి కాదు. గొంతు నొప్పితో దానికి సంబంధం కల్పించుకోవడం పొరపాటు.

సోదరి చేయవలసినది ఇది. బాలుని బిళ్ళల కొలతను ఈ రోజు తేదీతో క్యాలెండరు మీద వ్రాసి, రానున్న మూడు శుక్రవారాలు చూడండి. తగ్గుతుంటే స్కాన్ ఆలోచన విడిచిపెట్టండి. ఆడపడుచును మాత్రం ఈ వారంలోనే డాక్టరు వద్దకు తీసుకువెళ్ళండి. గడ్డ ఎప్పుడు కనిపించింది, ఎంత పెరిగింది, ఇంతవరకు ఏ మాత్రలు వాడారు అన్న మూడు సంగతులు ఒక కాగితం మీద వ్రాసి వెంట ఉంచుకోండి. మీ అత్తగారికి ఈ పేజీని చదివి వినిపించి, వీలైతే ఆమెను కూడ వెంట తీసుకువెళ్ళండి.